పేరా చదువుతుంటే మనిషి ఆలోచిస్తున్నట్టు ఉండాలంటే వాక్యాల పొడవు ఎలా మార్చాలి?

కాలవగట్టు

అందరికీ నమస్కారం. మా ప్రాంతపు మాసపత్రికకి దాళ్వా నీటి మీద వ్యాసం రాస్తున్నాను. సంపాదకుడు ఈ ఒక్క పేరా వెనక్కి పంపారు. పక్కన పెన్నుతో "తప్పేం లేదు, కానీ ఆఫీసు నోటులా ఉంది" అని రాశారు.

> గోదావరి డెల్టాలో దాళ్వా సాగు డిసెంబరులో మొదలవుతుంది. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు విడుదల అవుతుంది. ఎగువ చేలకు ముందుగా నీరు అందుతుంది. శివారు చేలకు ఆలస్యంగా నీరు అందుతుంది. ఫిబ్రవరిలో నదిలో ప్రవాహం బాగా తగ్గుతుంది. అప్పుడు అధికారులు వంతులవారీగా నీరు ఇస్తారు. శివారు రైతుకు ఆ వంతు సరిపోదు. అతని చేను పొట్ట దశలో ఎండిపోతుంది.

చేను చూసిన మనిషి గట్టు మీద నిలబడి తనలో తను అనుకుంటున్నట్టు ఉండాలని నా కోరిక. ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు.

రావులపాలెం బస్సు

ఇది తేలిక. వాక్యాలన్నీ ఒకే పొడవు, అదే జబ్బు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, మళ్లీ చిన్నది, అలా పెట్టుకుంటూ వెళ్లండి. రెండు నిమిషాల్లో చేశాను, చూడండి:

> దాళ్వా మొదలైంది. ధవళేశ్వరం నుంచి కాలువలకు విడుదలైన నీరు ఎగువ చేలకు ముందుగానూ శివారు చేలకు ఆలస్యంగానూ అందుతుంది. ఫిబ్రవరి వచ్చింది. నదిలో ప్రవాహం బాగా తగ్గడంతో అధికారులు వంతులవారీగా ఇచ్చే నీరు శివారు రైతుకు సరిపోదు. చేను ఎండింది.

ప్రూఫు పెన్సిల్

బస్సు గారు జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు. మందు దగ్గరే తేడా వచ్చింది.

ముందు అసలు పేరా. ఒక్కో వాక్యంలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెడితే 6, 6, 5, 5, 5, 5, 5, 5. ఇది కళ్లకే కనిపిస్తుంది. చెవికి ఇంకోటి తగులుతోంది. ఎనిమిది వాక్యాల్లో ఆరు "తుంది"తో ముగిశాయి. మన భాషలో క్రియ చివర పడుతుంది కాబట్టి ప్రతి వాక్యం తోకా ఒకేలా మోగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పొడవులు మార్చి తోకలు వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఇక బస్సు గారిది: 2, 12, 2, 11, 2. ఇది కూడా గడియారమే, కాకపోతే లోలకం పెద్దది. రెండో చిన్న వాక్యానికే చదివేవాడికి వరస తెలిసిపోతుంది, మూడోది ఎక్కడ పడుతుందో ముందే చెప్పేస్తాడు. పైగా ఆ చిన్న వాక్యాలు ఏం మోస్తున్నాయి? "దాళ్వా మొదలైంది", "ఫిబ్రవరి వచ్చింది". రెండూ తేదీలే. చిన్న వాక్యం మీద ఎంత బరువైనా ఆగుతుంది, దాని మీద క్యాలెండరు పెట్టడం దండగ. ఇంకొక్కటి: "మొదలైంది", "వచ్చింది" అని జరిగిపోయినట్టు, "అందుతుంది" అని ఏటా జరిగేదానిలా. కాలం కూడా అటూ ఇటూ ఊగింది.

పొడవు దానంతటది మారదు. మనసు ఏదో కూడబెట్టుకుంటూ పోతున్నంతసేపు వాక్యం సాగుతుంది. ఒకచోట తట్టగానే ఆగుతుంది. మీ పేరాలో ఎక్కడా ఏదీ తట్టలేదు, ఎందుకంటే రాసినాయనకి మొదటి మాటకి ముందే అంతా తెలుసు. వరసగా అప్పజెబుతున్నాడు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎంత పొడవు" కాదు. ఈ పేరాలో మనిషి ఏం అనుకుంటూ మొదలుపెట్టాడు, ఎక్కడ మనసు మార్చుకున్నాడు? అది చెప్పండి, పొడవుల సంగతి తర్వాత చూద్దాం.

రావులపాలెం బస్సు

లోలకం సంగతి ఒప్పుకుంటున్నా. కానీ పత్రికల్లో చిన్న వాక్యాలే రాయమంటారు కదా? ఎనిమిది మాటలు దాటితే చదవరని.

ప్రూఫు పెన్సిల్

వార్తకి ఆ సలహా మంచిదే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చకచకా అందాలి. ఆలోచనకి అది కుదరదు. అన్నీ ఎనిమిది లోపే ఉంటే అడుగుకో చుక్క పెట్టి నడిచినట్టుంటుంది.

శివారు బోదె

ఏ కాలువ మీదండి మీ చేను? ఆ సంగతి రాయలేదు. శివారుకి నీరు రాకపోతే కాగితాల మీద వ్యాసాలు రాస్తే రాదండి, బోదె పూడిక తీయించుకోవాలి ముందు. అసలు నీరు చాలదని ఎవరన్నారండీ? చాలుతుంది. లెక్క ప్రకారం చాలుతుంది. వంతు మూడు రోజులనుకోండి, మొదటి రోజంతా నెర్రెలిచ్చిన బోదె తాగేసి, రెండో రోజు ఎగువోళ్లు ఇంజన్లు పెట్టి తోడేసి, మూడో రోజు సాయంత్రం మన గట్టు దగ్గరికి వచ్చేసరికి తలుపు దించేత్తారు. అంతే. చాలకపోవడం కాదండి అది, చేరకపోవడం.

పూతరేకు

బాబాయ్ గారూ, ఇక్కడ మాట్లాడుకుంటున్నది వాక్యాల గురించండి, నీటి గురించి కాదు 🙂

ప్రూఫు పెన్సిల్

అమ్మాయ్, ఆగు. మనం వెతుకుతున్నది ఆయన తెలియకుండానే రాసి ఇచ్చారు.

"నీరు చాలదని" దగ్గర నుంచి లెక్కపెట్టండి: 3 (అసలు అన్న మాట తీసేస్తే), 1, 3, 23, 1, 4. ఏ వరసా లేదు, అయినా ఎక్కడా తడబడలేదు. ఎందుకంటే ప్రతి పొడవుకీ ఓ కారణం ఉంది. ఎవరో అన్న మాటని ఎత్తుకున్నారు. కొట్టేశారు. కొట్టేసినదాన్ని కాస్త సర్దారు: లెక్క ప్రకారమైతే. తర్వాత మూడు రోజుల నీటిని వెంబడించాలి, అందుకు మాటలు కావాలి, ఇరవై మూడు పట్టాయి. తలుపు పడింది, వాక్యమూ పడింది. చివర్లో తను ఇప్పుడే కనిపెట్టినట్టు ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు, చాలకపోవడం, చేరకపోవడం. కాలవగట్టు గారి పేరాలో లేనిది ఇదే. అక్కడ "సరిపోదు" అని తేల్చేశారు, ఇక్కడ అదే మాట మీద తగువు మొదలైంది.

తోకలు కూడా చూడండి. ప్రశ్న, "తుంది", మళ్లీ "తుంది" (ఈసారి కావాలని), "త్తారు", "అంతే", ఆఖరిది నామంతో ముగిసింది, క్రియతో కాదు. "కాదండి అది" అన్నచోట "అది" క్రియ దాటి వెనక్కి వచ్చి కూర్చుంది. నోటి మాటలో ఇది మామూలే, ముందు తీర్పు చెప్పి దేని గురించో తర్వాత గుర్తుచేయడం. రాతలో పేరాకి ఒక్కసారి చాలు, రెండోసారి వాడితే వేషంలా ఉంటుంది.

అయితే దీన్ని ఉన్నదున్నట్టు పత్రికలో పెట్టేయకూడదు. పొడుగు వాక్యంలో ఒక చిక్కుంది. ఎవరైనా పట్టుకుంటారా?

ఏటిగట్టు

కర్త మారిపోతోంది. బోదె తాగేసి, ఎగువోళ్లు తోడేసి, ఎవరో దించేస్తారు. మూడు పనులకి ముగ్గురు కర్తలు.

ప్రూఫు పెన్సిల్

అదే. "నేను అన్నం తిని వాడు పడుకున్నాడు" అని ఎవరం అనం. "తిని", "వెళ్లి", "చేసి" లాంటివాటికీ చివరి క్రియకీ ఒకడే కర్త ఉండాలి. మొదటి పని వల్లే రెండోది జరిగితే కొంత సడలింపు ఉంది, "వాన కురిసి పంటలు పండాయి" అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. బాబాయ్ గారి మాటలో గొంతు, చెయ్యి తిప్పడం, అన్నీ కలిసి కర్త ఎవరో చెప్పేస్తాయి. కాగితం మీద చెయ్యి కనపడదు. తెలుగులో పొడుగు వాక్యం తెగేది చాలాసార్లు ఇక్కడే, పొడవు వల్ల కాదు.

బాగుచేయడానికి దగ్గర దారి, వాక్యం మొత్తానికి కర్తగా ఒకదాన్నే ఎన్నుకోవడం. ఇక్కడ అది నీరు. నీరు ఇంకింది, నీరు ఇంజన్లలో పోయింది, నీరు గట్టుకి పాకింది. అప్పుడు ఎంత పొడుగైనా చదివేవాడు నీటి వెంటే నడుస్తాడు.

ఇంకో రకం పొడుగుంది, దాన్ని మాత్రం దగ్గరికి రానీయకండి:

> ఎగువ ఇంజన్లు తోడుకోగా మిగిలిన, నెర్రెలిచ్చిన బోదెలో ఇంకకుండా తప్పించుకున్న, తలుపు దించకముందే శివారు గట్టుకు చేరగలిగిన నీరు కొంచెమే.

వ్యాకరణం తప్పేం లేదు. కానీ "నీరు" అనే మాట వచ్చేదాకా ఆ విశేషణాలన్నీ చదివేవాడి నెత్తిన బస్తాలే, దింపడానికి చోటు లేదు. "ఇంకి, పోయి, పాకి" అని గొలుసుకట్టుగా వస్తే ఏ బస్తాకాబస్తా దించేసి ముందుకు నడుస్తాడు. పైకి మాట్లాడుకునే మనిషి నోట గొలుసు వస్తుంది, బస్తాలు రావు.

కాలవగట్టు

మేస్టారూ, పేరా మొత్తం ఓసారి రాసి చూపించరా? ముక్కలుగా అర్థమవుతోంది, కలపడం రావడం లేదు.

ప్రూఫు పెన్సిల్

బాబాయ్ గారి తగువునే వెన్నెముకగా పెట్టుకున్నాను.

> శివారు చేనుకు నీరు చాలదంటారు. చాలదా? కాలువలోకి వదిలిన నీటి లెక్క చూస్తే అలా అనిపించదు. మరి ఎటు పోతోంది? వంతు మూడు రోజులనుకుంటే, మొదటి రోజు నెర్రెలిచ్చిన బోదెలో కొంత ఇంకి, రెండో రోజు ఎగువ ఇంజన్లలో కొంత పోయి, మిగిలిన నీరు మూడో రోజు సాయంత్రానికి శివారు గట్టు దాకా పాకుతుంది. అదే వేళకి తలుపు దించేస్తారు. అంటే చాలక కాదు, చేరక. పొట్ట మీదున్న వరికి ఆ తేడా ఏం తెలుస్తుంది.

4, 1, 7, 3, 24, 4, 4, 7. ఈ అంకెలు రాశాక లెక్కపెట్టినవి, ముందు పెట్టుకుని రాసినవి కావు. "పాకుతుంది" అన్న క్రియ ఎందుకంటే, అంత పొడుగు వాక్యం చివర బలమైన క్రియ పడితే అక్కడే ముగిసిపోయినట్టు అనిపిస్తుంది, నాకు మూడో రోజు సాయంత్రం నీరసంగా రావాలి. దెబ్బ పక్క వాక్యంలో ఉంది.

పూతరేకు

బాబాయ్ గారికి సారీ. మధ్యలో నా గోల ఒకటి. నేను కోనసీమ వంటల మీద ఆడియో చేస్తాను, స్క్రిప్టు నేనే రాసుకుంటాను. ఆలోచిస్తున్నట్టు ఉండాలని "కదా" వాడడం అలవాటైంది. నిన్న ఒక పేజీలో లెక్కపెడితే పదకొండు. తీసేస్తే మళ్లీ పాఠంలా అయిపోతోంది. ఇంకోటి, ఆ 24 మాటల వాక్యం మైకు ముందు ఒక ఊపిరిలో రాదు.

ప్రూఫు పెన్సిల్

ఒక ఊపిరిలో రానక్కర్లేదు. "ఇంకి", "పోయి" దగ్గర కామాలున్నాయి, అక్కడ గాలి పీల్చుకోవచ్చు. గొలుసు వాక్యానికి ఉన్న సుఖమే అది. బస్తా వాక్యాన్ని మైకు ముందు చదివి చూడు, ఎక్కడ ఆగినా తప్పుచోట ఆగినట్టే ఉంటుంది.

"కదా" సంగతి. అది వినేవాళ్ల చేత తలూపించే మాట. వాళ్లకి ముందే తెలిసినదాని మీద వేస్తే నప్పుతుంది: "పూతరేకు రేకు పల్చగా ఉంటుంది కదా". తెలియనిదాని మీద వేస్తే చొరవ తీసుకున్నట్టుంటుంది. పదకొండింట్లో ఎన్ని తెలియనివాటి మీద పడ్డాయో చూడు, అవి తీసెయ్. వాటి చోట ఏమీ పెట్టొద్దు, చాలాసార్లు వాక్యం బానే నిలబడుతుంది. నిలబడకపోతే నీ మనసులో నిజంగా ఏముందో అది పెట్టు. అనుమానమైతే "ఏమో". ఎవరో చెబితే విన్నదైతే "ట". దారి మళ్లుతుంటే "మరి". పట్టించుకోనక్కర్లేదంటే "లే". ఒక్కోదానికి ఒక్కో పని ఉంది, అందుకే ఒకదాని బదులు ఇంకోటి వెయ్యలేం.

ఏటిగట్టు

సహజంగా ఉండాలంటే మన యాసలోనే రాసేయొచ్చుగా? ఆయ్, దించేత్తారు, ఎగువోళ్లు. బాబాయ్ గారిది అందుకే బాగుందని నా అనుమానం.

ప్రూఫు పెన్సిల్

యాస వేరు, నడక వేరు. నేను రాసిన పేరాలో "త్తారు"ని "స్తారు" చేశాను, "ఎగువోళ్లు" తీసేశాను, అయినా నడక మిగిలింది. కాలవగట్టు గారి మొదటి పేరాకి "ఆయ్"లు తగిలించి చూడండి, ఆఫీసు నోటుకి పంచె కట్టినట్టుంటుంది. యాసలో రాయాలనుకుంటే పూర్తిగా యాసలోనే రాయండి, అది గౌరవమైన పనే. అలంకారానికి మాత్రం వద్దు.

ఏటిగట్టు

పూర్తిగా ఒప్పుకోలేను. "దించేత్తారు"లో ఉన్న విసుగు "దించేస్తారు"లో లేదు. నేనైతే ఆ ఒక్కటీ ఉంచేవాణ్ణి. సరే, లెక్కలు చేతితో వేసుకోవడం కష్టమైనవాళ్లకి చిన్న పైథాన్ ముక్క. పేరాని `para.txt`లో పెట్టి నడపండి, ప్రతి వాక్యానికీ ఎన్ని మాటలున్నాయో, చివరి మాట ఏదో చూపిస్తుంది.

```python
import re
para = open("para.txt", encoding="utf-8").read()
for s in re.split(r"(?<=[.?!])\s+", para.strip()):
    w = s.split()
    print(len(w), w[-1])
```

చుక్క తర్వాత ఖాళీ ఉంటేనే విడగొడుతుంది, అందుకని "11.75 అడుగులు" లాంటివి తెగవు. "డా. " లాంటి పొడి అక్షరాల దగ్గర మాత్రం మోసపోతుంది.

ప్రూఫు పెన్సిల్

ఆ రెండో గడి, చివరి మాటల వరస, అదే ఎక్కువ పనికొస్తుంది. నిలువుగా చదువుకుంటూ వెళ్తే "తుంది తుంది తుంది" ఇట్టే దొరుకుతుంది.

మాటల లెక్కని మాత్రం గుడ్డిగా నమ్మకండి. "రాలేకపోతున్నాడేమోననుకున్నాను" అనేది మీ ముక్కకి ఒక్క మాట. నోటికి పదమూడు అక్షరాలు. అది ఒంటరిగా ఒక వాక్యమైతే 1 అని చూపిస్తుంది, చదివేవాడికి మాత్రం అది చిన్న వాక్యం కాదు. అంకె చూశాక ఒకసారి పైకి చదవాల్సిందే.

కాలవగట్టు

మేస్టారు రాసిన పేరా సంపాదకుడికి చూపించబోతున్నాను, రెండు అనుమానాలు. ఒకటి, నా డిసెంబరు, ధవళేశ్వరం, ఫిబ్రవరి అన్నీ ఎగిరిపోయాయి. రెండు, "నీటి లెక్క చూస్తే అలా అనిపించదు" అని రాశారు, నేను ఏ లెక్కా చూడలేదు.

ప్రూఫు పెన్సిల్

మొదటిదానికి, వాటిని దీనికి ముందు పేరాలో చదునుగా చెప్పేయండి. "డిసెంబరులో ధవళేశ్వరం నుంచి నీరు వదులుతారు, ఫిబ్రవరికి నది తగ్గి వంతులు మొదలవుతాయి." ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆలోచించాల్సింది అందులో ఏమీ లేదు కాబట్టి ఆలోచిస్తున్నట్టు నటించకూడదు.

రెండోది నన్ను పట్టేసుకున్నారు. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం అదే. గొంతు నమ్మకంగా ఉంటే చదివేవాడు లెక్క కూడా ఉందనుకుంటాడు. లెక్క చూడకపోతే ఆ వాక్యం పెట్టకండి. "చాలదా?" తర్వాత నేరుగా "ముందు అది ఎటు పోతోందో చూడాలి" అనండి. మీకు తెలియనిదాన్ని అడగండి. తెలిసినదాన్ని తెలియనట్టు అడిగితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

శివారు బోదె

లెక్క కావాలంటే కాలువకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో, ఆ కాలువ కింద ఆయకట్టు ఎన్ని ఎకరాలో, రెండూ కావాలండి. ఒక్కటి చూసి చెప్పకూడదు. మూడు రోజులని నేను మాట వరసకి అన్నాను, అది అచ్చులో పెట్టేత్తారేటి? మీ కాలువకి వంతు ఎన్నాళ్లో కనుక్కుని రాయండి.

రావులపాలెం బస్సు

నాకు చివరి వాక్యం నచ్చలేదు. "పొట్ట మీదున్న వరికి ఆ తేడా ఏం తెలుస్తుంది." తెర పడేముందు డైలాగులా ఉంది. "చేరక" దగ్గర ఆపేస్తే?

ప్రూఫు పెన్సిల్

ఆపొచ్చు. అప్పుడు పేరా తట్టినచోటే తెగుతుంది, బాగుంటుంది కూడా. నేను పెంచింది ఎందుకంటే, కాలవగట్టు గారి అసలు పేరా చేను ఎండడం దగ్గర ముగిసింది, ఆ సంగతి పోకూడదని. బస్సు గారన్న వాసన మాత్రం ఉంది. తర్వాతి పేరా పంట నష్టం గురించైతే ఆ వాక్యం తీసేయండి, కాకపోతే ఉంచండి. నేనింకా తేల్చుకోలేదు.

పూతరేకు

నా ఓటు ఉంచమని.

కాలవగట్టు

ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. ఇదే వ్యాసంలో వరద హెచ్చరికల పేరా ఉంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇది కూడా ఇలా మార్చాలా?

ప్రూఫు పెన్సిల్

వద్దు. అక్కడ మూడు వాక్యాలూ ఒకే పొడవు, ఒకే తోక ఉండాలి. లంకలో ఉన్న మనిషి ఆ పేరాలో తన అంకె వెతుక్కుంటాడు, వరస సమానంగా ఉంటేనే కంటికి దొరుకుతుంది. వ్యాసం మొత్తం ఆలోచన నడకలో రాస్తే అలసటగా ఉంటుంది కూడా. నా లెక్కన మూడు నాలుగు పేరాలకి ఒకటి.

ఏటిగట్టు

నేను రెండిటికి ఒకటి అంటాను. అది ఇంకో దారంలో తగువు పడదాం.

శివారు బోదె

ఇంతకీ మీ చేను ఏ బోదె మీదో చెప్పలేదు.

కాలవగట్టు

నాకు చేను లేదండి బాబాయ్ గారూ.

శివారు బోదె

మరి నీరు రాలేదని రాశారేటండీ?